«త్రీ కలర్స్: బ్లూ»లో ప్రతి నీలానికీ అర్థం ఉందా?

కొత్తప్రేక్షకుడు: నిన్న మొదటిసారి చూశాను. నీలం దీపం, ఈతకొలను, కాఫీలో చక్కెర బిళ్ళ... ఇవన్నీ దుఃఖానికి గుర్తులేనా? మాటల మధ్యలో తెర నల్లబడిపోతోంది, నా కాపీ పాడైందా?

జెండామూడురంగులు: ఫ్రెంచి జెండాలో నీలం స్వేచ్ఛకు గుర్తు. అంతే, ఇంకేం వెతకక్కర్లేదు.

రీలుడబ్బా: అంతే అనేస్తే సినిమా సగం పోతుంది బ్రదర్. స్వేచ్ఛ సరే, దేని నుంచి? భర్తా కూతురూ పోయాక జూలీ ఇల్లూ ఆస్తీ వదిలేస్తుంది. పాత ఇంటి నీలం గది నుంచి ఆ పూసల దీపం ఒక్కటే పారిస్‌కి తెచ్చుకుంటుంది. గతం వద్దనుకున్న మనిషి గదిలో గతమే వేలాడుతోంది. సినిమా మొదట్లో కారు కిటికీలోంచి పాప పట్టుకున్న రేకు కాగితం చూడండి, అదీ నీలమే. తర్వాత సంచిలో దొరికిన పాప నీలం లాలీపాప్‌ని జూలీ చప్పరించదు, పటపటా కొరికేస్తుంది. నీలం కనబడ్డ చోటల్లా ఏడుపని రాసుకుంటే ఈ కొరకడం అర్థం కాదు.

మాట్నీ: చక్కెర బిళ్ళ మాత్రం కరిగిపోతున్న ఆమె గుండె.

రీలుడబ్బా: కాదండీ. దర్శకుడు కీష్లోవ్‌స్కీయే చెప్పాడు: తనని ప్రేమించినవాడు ఎదురుగా ఉన్నా ఆమెకు పట్టదు, ఆ బిళ్ళ మీదే చూపు. మామూలు బిళ్ళ నానడానికి ఎనిమిది సెకన్లు పట్టొచ్చు, ఆయనకి అయిదే కావాలి. అంతకు మించితే ప్రేక్షకుడు విసుక్కుంటాడని సహాయకుడి చేత రకరకాల బిళ్ళలు నానబెట్టించాడు.

మాట్నీ: దర్శకుడు చెప్పిందే వేదమా? తెర మీద నాకు కనిపించింది నేను చెప్పకూడదా?

రీలుడబ్బా: చెప్పండి, కానీ ఆ షాట్ నుంచే చూపించండి. బిళ్ళ కరగదు, కాఫీ పీల్చుకుని గోధుమరంగుకి తిరుగుతుంది, కప్పులో పడుతుంది.

మాట్నీ: పీల్చుకోవడమూ అర్థమే కదా! బయటి లోకం ఆమెలోకి పాకుతోంది. వీధిలో వేణువు వినబడేది కూడా అప్పుడే.

రీలుడబ్బా: వేణువు మాట ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను.

రంగులపిచ్చి: మీరు టీవీలో ‘వివిడ్’ మోడ్ పెట్టి చూస్తే ఈ గొడవంతా వృథా. ఛాయాగ్రాహకుడు ఇజ్యాక్ ఫిల్టర్లతో దిద్దిన నీలం అక్కడ మొహాల మీద కూడా పాకుతుంది. ‘సినిమా’ మోడ్ పెట్టండి, రంగు మార్చే సెట్టింగులు ఆపేయండి.

రీలుడబ్బా: తెర సంగతి ఎవరూ చెప్పలేదు. కొత్తప్రేక్షకుడు గారూ, కాపీ బాగానే ఉంది. మామూలుగా తెర నల్లబడితే కాలం గడిచిందని అర్థం. ఇక్కడ సంగీతం విరుచుకుపడుతుంది, వెలుగు రాగానే అదే క్షణం, అదే సంభాషణ. ఈతకొలనులో పొరుగింటి లూసీల్ ‘ఏడుస్తున్నావా?’ అని అడిగినప్పుడు చూడండి, జవాబు ఆ చీకటి తర్వాతే వస్తుంది.

జెండామూడురంగులు: మరి సీసా డబ్బాలో వేయలేక తంటాలు పడే ముసలావిడ? ఈ ‘త్రీ కలర్స్’ మూడు సినిమాల్లోనూ ఉంది!

రీలుడబ్బా: ఇందులో జూలీ కళ్ళు మూసుకుని ఎండలో కూర్చుంది, చూడనే లేదు. ‘రెడ్’లో నాయిక వాలెంటీన్ వెళ్ళి సాయం చేస్తుంది.

మాట్నీ: అదీ దర్శకుడు చెప్పాడనేనా?

కొత్తప్రేక్షకుడు: లాలీపాప్ సీను మళ్ళీ పెట్టి చూశాను. పొయ్యి ముందు కూర్చుని నిజంగానే కొరికేస్తోంది.