హైదరాబాద్‌లో, హైదరాబాద్లో, హైదరాబాదులో: యంత్రానికి ఇవి ఎన్ని మాటలు?

కొత్త కీబోర్డు: పత్రికా వ్యాసాల్లో ఏ మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెడదామని కూర్చున్నాను. పైథాన్‌లో అందరూ వాడే పద్ధతి వాడితే ఇదీ ఫలితం:

```
>>> re.findall(r"\w+", "హైదరాబాద్‌లో")
['హ', 'దర', 'బ', 'ద', 'ల']
```

సరే అని ఖాళీల దగ్గర మాత్రమే విడగొట్టాను. ఇప్పుడు అదే మాట జాబితాలో మూడు చోట్ల ఉంది. రెండు కంటికి అచ్చు ఒకేలా ఉన్నాయి, మూడోదానిలో ద కింద ల వత్తు పడింది. వీటిని ఎలా కలపాలి?

వ్యాకరణం మాస్టారు: ఇందులో సందేహమేముంది బాబూ, హైదరాబాదులో అని రాయాలి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. పొల్లు పెట్టి విభక్తి తగిలించడం ఇంగ్లీషు మాటలతోపాటు వచ్చిన అలవాటు.

కొత్త కీబోర్డు: మాస్టారూ, ఎలా రాయాలని కాదండీ. జనం ఇప్పటికే రాసేసినవాటిని లెక్కపెట్టాలి.

పాలపిట్ట: ముందు ఆ ముక్కల సంగతి. పైథాన్ `re` దృష్టిలో `\w` అంటే అక్షరాలు, అంకెలు, అడుగుగీత. గుణింతపు గుర్తులు, పొల్లు యూనికోడ్‌లో అక్షరాల కింద కాక ‘గుర్తుల’ కింద ఉంటాయి కాబట్టి వాటి దగ్గర మాట తెగిపోతుంది. తెలుగు పరిధిని మీరే చెప్పండి:

```
re.findall(r"[\u0C00-\u0C7F\u200C]+", text)
```

చివర ఉన్న `200C` మర్చిపోవద్దు. అది కనిపించని నాన్ జాయినర్. ద్ తర్వాత అది ఉంటేనే ల విడిగా నిలబడుతుంది, లేకపోతే వత్తు అయిపోతుంది. మీ మూడో రూపంలో అదే లేదు.

బైట్ల బాబాయి: ఇంత అవసరం లేదు. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ ఒక్కటి నడిపిస్తే అన్నీ ఒకటైపోతాయి.

పాలపిట్ట: సగం పని అవుతుంది బాబాయ్. ‘హై’లోని ఐత్వాన్ని `0C48` అని ఒకే కోడ్‌గా రాయొచ్చు, `0C46` పక్కన `0C56` పెట్టీ రాయొచ్చు. కంటికి ఒకేలా ఉన్న ఆ రెండూ ఎన్ఎఫ్‌సీతో కలిసిపోతాయి. నాన్ జాయినర్ జోలికి మాత్రం ఎన్ఎఫ్‌సీ పోదు, ఎన్ఎఫ్‌కేసీ కూడా పోదు. అది ఉంటే ఆ మాట 12 కోడ్‌లు, లేకపోతే 11. `len()` అడిగి చూడండి, తేలిపోతుంది.

బైట్ల బాబాయి: అయితే దాన్ని తీసేస్తే పోలా? చెత్త క్యారెక్టరే కదా.

పాలపిట్ట: తీసేస్తే ‘కార్‌లో’ వెళ్లినవాడు మాంటే ‘కార్లో’ చేరతాడు! రెండూ ఒకే మాట అయిపోతాయి. మల్టీలింగ్వల్ బెర్ట్ టోకెనైజర్ చేసేది ఇదే: దాన్ని కంట్రోల్ క్యారెక్టర్ల లెక్కలో వేసి, మాటను ముక్కలు చేయకముందే తుడిచేస్తుంది. పైగా మనవాళ్లు దాన్ని ఎక్కువగా వాడేది విభక్తి ముందో, బహువచనపు ‘లు’ ముందో. హైదరాబాద్‌కు, బస్‌లు, స్టేషన్‌లో... మూలపదం ఎక్కడ ముగిసిందో రాసినవాళ్లే చెప్పేస్తున్నారు. తెలుగులో అలాంటి సాయం ఊరికే దొరకదు.

కొత్త కీబోర్డు: అయితే అది ఉన్నచోటల్లా విడగొట్టేస్తాను.

పాలపిట్ట: వద్దు. సాఫ్ట్‌వేర్‌లో అన్న మాటలో అవి రెండున్నాయి, మొదటిది మాట మధ్యలోది. రాజ్‌కుమార్‌లో ఉన్న ఒక్కటీ మాట మధ్యలోదే. చివరిదాని తర్వాత మిగిలింది లో, కు, ను, తో, లు, లను, నుంచి లాంటి చిన్న జాబితాలో ఉంటేనే విడగొట్టండి. సాఫ్ట్‌వేర్ + లో వస్తుంది, రాజ్‌కుమార్ జోలికి పోదు.

డీటీపీ అన్న: నా దగ్గర అను ఫాంట్లలో కొట్టిన పాత పుస్తకాలు బోలెడున్నాయి. యూనికోడ్‌లోకి మారిస్తే స్టేషన్‌లో కాస్తా ‘స్టేషన్లో’ అయిపోతోంది. కన్వర్టర్ పాడైందా?

పాలపిట్ట: పాడవలేదన్నా. అను ఫైల్లో ఉన్నది అక్షరాల ఆకారాలు. న్ ఆకారం పక్కన లో ఆకారం ఉంటే అచ్చులో విడిగానే పడుతుంది. యూనికోడ్‌లో వాటి మధ్య నాన్ జాయినర్ పెట్టాలని కన్వర్టర్‌కు తెలియాలి. పొల్లు ఆకారం పక్కన హల్లు వచ్చినప్పుడల్లా పెట్టమని చెప్పాలి. అది మార్చేటప్పుడే జరగాలి, ఆ తర్వాత ఆధారం మిగలదు.

వ్యాకరణం మాస్టారు: మీ కార్లో ఉదాహరణ నాకు ఒప్పుదల కాలేదు. ఊరిలో ఊర్లో అయినట్టే కారులో కార్లో అవుతుంది. నాన్ జాయినర్ లేకుండా రాసినవాడు తప్పు రాసినట్టా?

పాలపిట్ట: తప్పు కాదు మాస్టారూ. అందుకే లేనిచోట దాన్ని చొప్పించమని నేను అనను. ఉన్న పాఠాన్ని ముట్టుకోకుండా, వెతకడానికి మాత్రం నాన్ జాయినర్ తీసేసిన రూపం పక్కన ఇంకో వరుసలో దాచుకోవాలి. కార్లో ఏది ఊరు, ఏది బండి అన్నది పక్క మాటలు చూసి తేల్చాల్సిందే.

బైట్ల బాబాయి: మరి హైదరాబాదులో? ఉకారం కొట్టేసి హైదరాబాద్ కింద వేస్తే?

వ్యాకరణం మాస్టారు: అలా కొట్టుకుంటూ పోతే ‘పాలు’ కూడా ‘పాల్’ అవుతుంది నాయనా.

కొత్త కీబోర్డు: ప్రస్తుతానికి హైదరాబాదు, హైదరాబాద్ వేర్వేరు పద్దులుగానే ఉంచుతున్నాను. ‘హైదరాబాద్ లో’ అని ఖాళీ వదిలి రాసినవి చాలా ఉన్నాయి. ఒంటరిగా వచ్చిన ‘లో’లన్నీ విడిగా రాసిపెట్టాను. లో దుస్తులు, లో గొంతుక కూడా అందులోనే పడ్డాయి. వాటిని ఎలా ఏరాలో ఎవరైనా చెప్పండి.