అప్‌డేట్: వర్మీకంపోస్ట్ బస్తా బరువు తగ్గడం గురించి (పర్లాకిమిడి)

నా ప్రశ్న: 40 కిలోల బస్తా నర్సరీలో పది రోజులకే 34 తూగుతోంది, ఎక్కడ తప్పు?

తప్పు తడిదే. చివరి రోజు దాకా బెడ్ మీద నీళ్లు చల్లి, అలాగే బస్తాలకెత్తేవాణ్ణి. మీరు చెప్పినట్టే ఈసారి ఎత్తే ముందు ఆరు రోజులు నీళ్లు ఆపాను. వానపాములు తడి వెతుక్కుంటూ అడుగుకు దిగిపోయాయి. పైపొర తీసి రెండు రోజులు నీడలోనే పలచగా ఆరబోశాను. పిడికిట పిండితే చెయ్యి తడవలేదు, ముద్ద కట్టి వేలు తగలగానే పొడిపొడిగా విడిపోయింది. అప్పుడు జల్లించాను. పదిహేను రోజులకు తూకం 39!

పది బస్తాలిచ్చే బెడ్ ఎనిమిదే ఇచ్చింది. అందుకే నర్సరీకి కిలో 8 రూపాయలున్నది 10 చేశాను, తూకం చూశాక ఒప్పుకున్నారు. బెడ్‌కి రాబడి అదే 3,200. బరంపురం మిద్దెతోటల వాళ్లకు 5 కిలోల సంచి 100కే ఇస్తున్నాను.