పోస్ట్ టెస్ట్‌లో మార్కులు పెరిగితే శిక్షణ ఫలించినట్టేనా?

రిపోర్టు రాస్తున్నా: భిన్నాల బోధనపై లెక్కల టీచర్లకు మూడు రోజుల వర్క్‌షాప్ పెట్టాం. 20 మార్కుల ప్రీ టెస్ట్ 40 మంది రాశారు, సగటు 9. చివరి రోజు అదే పేపర్ 30 మంది రాశారు, సగటు 14. ఫీడ్‌బ్యాక్‌లో 5కి 4.6 వచ్చింది. "లక్ష్యం నెరవేరింది" అని రిపోర్టులో రాయొచ్చా?

పాత శిక్షకుడు: ధైర్యంగా రాయండి. మూడు రోజుల్లో ఐదు మార్కులు పెరగడం చిన్న విషయం కాదు. టీచర్లు కూడా బాగుందనే అంటున్నారు కదా.

మూల్యాంకనం: ఆగండి సార్. పోస్ట్ టెస్ట్ రాయని ఆ పదిమంది ఎవరు? రెండు పరీక్షలూ రాసినవాళ్ల పేపర్లు మాత్రమే జతచేసి, వాళ్ల ప్రీ టెస్ట్ సగటు ఎంతో చూడండి. 40 మంది సగటును 30 మంది సగటుతో పోలిస్తే ఇద్దరు వేర్వేరు మనుషుల ఎత్తు కొలిచి, ఒకరే పెరిగారన్నట్టు ఉంటుంది.

రిపోర్టు రాస్తున్నా: జతచేశాను. ఆ 30 మందికి ప్రీ టెస్ట్‌లోనే సగటు 10 ఉంది. మధ్యలో వెళ్లిపోయిన పదిమంది సగటు 6.

మూల్యాంకనం: అంటే పెరిగింది నాలుగు. ఐదులో ఒక మార్కు, తక్కువ వచ్చినవాళ్లు లేకపోవడం వల్ల కలిసింది. శిక్షణ ఎక్కువ అవసరమున్నవాళ్లే చివరిదాకా లేరన్నది నాకు మార్కుల కన్నా పెద్ద విషయంగా కనిపిస్తోంది. రిపోర్టులో అది మొదటి పేజీలోనే ఉండాలి. ఇప్పుడు ప్రశ్నల వారీగా విడదీయండి. పేపర్లోని ప్రశ్నలు ఏవైనా క్లాసులో అవే అంకెలతో చేయించారా?

రిపోర్టు రాస్తున్నా: ఐదు ప్రశ్నలు మూడో రోజు చర్చలో వచ్చాయి. అందులో ఒకటి: "3/4, 5/6 రెండూ సమానమే, రెంటికీ ఒక్క ముక్కే తక్కువ" అన్న పిల్లవాడికి ఏం చెబుతారు? ఒక్కో ప్రశ్నకు ఒక మార్కు. ఈ ఐదింటిలో సగటు 2 నుంచి 5కి వెళ్లింది. మిగతా పదిహేనింటిలో 8 నుంచి 9కి.

మూల్యాంకనం: చూశారా, నాలుగులో మూడు అక్కడివే. ఆ పిల్లవాడి పొరపాటును టీచర్లు అర్థం చేసుకున్నారో, చర్చలో విన్న జవాబు గుర్తుపెట్టుకున్నారో ఈ పేపర్ చెప్పలేదు. అదే ప్రశ్నలో 7/8, 8/9 పెట్టి అడగండి. తక్కువైన ముక్క 8/9లో చిన్నది కాబట్టి అదే పెద్దదని పిల్లవాడికి బొమ్మ గీసి చూపించగలిగితే విషయం తలకెక్కినట్టు.

ఫిజిక్స్ క్లాసు: ఇంత తవ్వడం అవసరమా? ఫిజిక్స్ ప్రొఫెసర్ హేక్ 1998లో చెప్పిన గెయిన్ లెక్క వేయండి. పెరగడానికి 10 మార్కులు మిగిలి ఉంటే 4 పెరిగాయి, 0.4. ఆయన ప్రకారం 0.3 నుంచి 0.7 వరకు మధ్యస్థం. అదే రాసేయండి.

మూల్యాంకనం: లెక్క సరిగ్గానే వేశారు. ముందే ఎక్కువ మార్కులున్నవాళ్లకు పెరిగే చోటు తక్కువ కాబట్టి దానికి ఉపయోగం ఉంది. కానీ ఆ హద్దులు ఫిజిక్స్ విద్యార్థుల కోర్సులకు పెట్టినవి. పైగా ఆ 4 ఎలా వచ్చాయో 0.4కి తెలియదు.

బడి నుంచి: నన్ను ఒక ట్రైనింగ్‌కి పంపినప్పుడు సర్టిఫికెట్లు ఇచ్చే టేబుల్ దగ్గరే ఫీడ్‌బ్యాక్ ఫారం పెట్టారు. పేరు కూడా రాయమన్నారు. అందరం 5 వేసి సంతకం పెట్టి వచ్చేశాం. అసలు సెలవుల్లో ట్రైనింగులు ఎందుకు పెడతారో ఎవరైనా చెప్పండి.

పాత శిక్షకుడు: మేడమ్, సెలవుల గొడవ వేరే. ఫారం సంగతి మాత్రం నిజమే. అయితే ఫీడ్‌బ్యాక్ మొత్తం పనికిరాదంటే నేను ఒప్పుకోను. అంకెలు పక్కన పెట్టి, కింద ఖాళీలో రాసినవి చదవండి.

రిపోర్టు రాస్తున్నా: చదివాను. "రెండో రోజు భాగహారం చాలా వేగంగా పోయింది" అన్న మాట పదకొండు ఫారాల్లో ఉంది. పోస్ట్ టెస్ట్‌లో అసలు కదలనివి కూడా భాగహారం ప్రశ్నలే.

మూల్యాంకనం: మీ రిపోర్టులో బలమైన వాక్యం అదే. ఫీడ్‌బ్యాకూ టెస్టూ విడివిడిగా ఒకే చోటు చూపిస్తున్నాయి. 4.6 కన్నా దానికి విలువ ఎక్కువ. తర్వాతి బ్యాచ్ టీచర్లు ఉన్నారా? ఉంటే వాళ్లకు శిక్షణ లేకుండానే ఈ పేపర్ మూడు రోజుల తేడాతో రెండుసార్లు పెట్టండి. మిగతా పదిహేనింటిలో వాళ్లకూ ఒక మార్కు పెరిగితే, మీ ఒక మార్కు పేపర్ రెండోసారి చూడటం వల్లే వచ్చి ఉండొచ్చు.

పాత శిక్షకుడు: ఏమీ నేర్పకుండా టీచర్లకు రెండు పరీక్షలా? నేనైతే ఒప్పుకోను. రెండు నెలలాగి క్లాసులోకి వెళ్లి చూస్తే సరిపోతుంది.

మూల్యాంకనం: క్లాసు చూడటం తప్పకుండా కావాలి. కానీ అక్కడ కనిపించిన మంచి మీ వర్క్‌షాప్‌దా, ఆ టీచర్‌కి ముందునుంచీ ఉన్నదా? ముందు ఆ క్లాసు చూడలేదు కదా.

రిపోర్టు రాస్తున్నా: "లక్ష్యం నెరవేరింది" తీసేస్తున్నాను. నాలుగు మార్కులు, అందులో మూడు ఎక్కడివి, వెళ్లిపోయిన పదిమంది, భాగహారం, ఇవి నాలుగూ రాస్తాను. తర్వాతి బ్యాచ్‌కి రెండుసార్లు టెస్ట్ పెట్టే విషయం మాత్రం మా బృందంలో ఇంకా తేలలేదు.