నోరొక్కటే కదిలితే బొమ్మ బతుకుతుందా? హోల్డ్‌లు, అతుకు నోళ్ళ మీద చర్చ

కుంచెపురుగు:
మేము ముగ్గురం కలిసి ఐదేసి నిమిషాల పిల్లల యానిమేషన్ కథలు చేస్తున్నాము. ఒక బామ్మ ఆరు సెకన్ల పాటు మాట్లాడే షాట్‌లో ఒంటిని ఒకే బొమ్మగా నిలిపి, తొమ్మిది రకాల నోళ్ళు గీసి మార్చాము. మాట ఇది: "అమ్మలూ, డబ్బు బీరువాలో పెట్టాను, తాళం మాత్రం మామయ్య దగ్గరుంది." చూసినవాళ్ళు "బామ్మ కొయ్యబొమ్మలా ఉంది, నోరు మాత్రం కొట్టుకుంటోంది" అంటున్నారు. ఇలా బొమ్మను కదలకుండా నిలిపే హోల్డ్ వాడటమే తప్పా, లేక నోళ్ళు ఇంకా పెంచాలా?

రాత్రిబడి:
నోళ్ళు పెంచనవసరం లేదండీ, తగ్గించండి. జపాన్ ధారావాహికల్లో మూసిన నోరు, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది అని మూడింటితోనే ఏళ్ళ తరబడి నడిపించారు. 1963 జనవరిలో మొదలైన ఆస్ట్రో బాయ్ వారంవారం రావలసి ఉండటం వల్ల ఒక్కొక్క బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపారు, గీసిన బొమ్మలను దాచుకుని మరో కథలో మళ్ళీ వాడారు. అదే పద్ధతిలో మీరూ అన్నింటినీ మూడేసి ఫ్రేములకు మార్చి, మూడు నోళ్ళతో సరిపెట్టండి. అప్పుడు నోరు కొట్టుకోవడం దానంతటదే ఆగిపోతుంది.

టైమింగ్ తాతయ్య:
రాత్రిబడి గారు చెప్పిన చరిత్ర సరైనదే కాని, అందులోంచి తీసిన సలహా సగమే పనికివస్తుంది. జపాన్‌లో చాలావరకు బొమ్మ కదలిక ముందు తయారవుతుంది, నటులు తరువాత దాన్ని చూస్తూ గొంతు ఇస్తారు. కాబట్టి అక్కడ నోరు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో చూసుకుని మాటను సర్దుకునే బాధ్యత నటుడిది. కుంచెపురుగు గారి దగ్గర బామ్మ గొంతు ముందే రికార్డయి ఉంటుంది, నోరే దాని వెంట నడవాలి. మూడు నోళ్ళు ఆ పని చేయలేవు. తొమ్మిది నోళ్ళున్నా చేయలేకపోవడానికి కారణం వేరే ఉంది.

నేను ఇరవై ఏళ్ళకు పైగా హైదరాబాదు స్టూడియోల్లో ఏ ఫ్రేముకు ఏ బొమ్మో రాసే ఎక్స్‌పోజర్ షీట్లు నింపినవాడిని, అందుకని షీటు భాషలోనే చెబుతాను. సెకనుకు 24 చొప్పున ఆరు సెకన్లంటే 144 ఫ్రేములు, రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున పూర్తిగా గీస్తే 72 బొమ్మలు. మీరు ఒళ్ళు ఒకటి, నోళ్ళు తొమ్మిది, వెరసి పదితో పని ముగించారు. పది మరీ తక్కువ, 72 మీ ముగ్గురికి మోయలేని బరువు. ఇరవై ఖర్చుపెట్టండి, కాని నోటి మీద కాదు.

ముందుగా నోరు. ప్రతి అక్షరానికీ నోరు మార్చారని నా అనుమానం. ఆ ఆత్రమే నోరు కొట్టుకుంటున్నట్లు కనిపించడానికి కారణం. చూసేవాడి కన్ను పట్టుకునేది పెదవులు మూసుకునే చోట్లను మాత్రమే. మీ వాక్యంలో మొదటి సగం చూడండి: "అమ్మలూ"లో మ్మ, "డబ్బు"లో బ్బ, "బీరువా"లో బీ, "పెట్టాను"లో పె. ఈ నాలుగు చోట్ల పెదవులు కచ్చితంగా మూసుకోవాలి, మిగిలినవి సుమారుగా ఉన్నా ఎవరూ అడగరు. పె, బీ వంటి ఒంటి అక్షరానికి మూత రెండు ఫ్రేములు చాలు. మ్మ, బ్బ వంటి ద్విత్వానికి నాలుగైదు ఫ్రేములు నిలపాలి, ఎందుకంటే మనం నిజంగానే అక్కడ పెదవులు బిగబట్టి ఆగుతాము. ఇంగ్లీషు పాఠాల్లో ఈ నియమం కనబడదు, దానికి మన ద్విత్వాలతో పని లేదు. మూత శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందే పడాలి. వెనకబడితే ఒక్క ఫ్రేమైనా అతుకు తెలిసిపోతుంది.

ఇక ఒళ్ళు. "అమ్మలూ" 1 నుంచి 22వ ఫ్రేము వరకు ఉందనుకుందాము, 30 వరకు చిన్న విరామం, 31 నుంచి "డబ్బు", 43 నుంచి "బీరువాలో". మొదటి పోజులో బామ్మ తల కాస్త పైకెత్తి మనవరాలిని పిలుస్తుంది. 37 నుంచి 42 వరకు మూడు మధ్య బొమ్మలతో తలను బీరువా వైపు వంచి, ఆ మార్పు జరిగే సమయంలోనే రెప్ప వాల్చండి. మాట కంటే చూపు ముందు వెళ్ళాలి, "బీరువా" అనే సరికి తల అక్కడికి చేరిపోయి ఉండాలి. తరువాత 84 వరకు ఆ పోజును నిశ్చింతగా హోల్డ్ చేయండి. తలను పక్కకు తిప్పవద్దు, వంచడమే చేయండి. తిప్పితే కోణం మారి ముందు గీసిన నోళ్ళేవీ దాని మీద అతకవు, ఇంకొక ఏడు గీయవలసి వస్తుంది. డబ్బు కారేది ఇక్కడే.

85 నుంచి చివరి వరకు బామ్మను చూపించనే వద్దు, మనవరాలి ముఖానికి కట్ చేయండి. "తాళం మాత్రం మామయ్య" అన్న మూడు మాటల్లో మకారాలు, సున్నలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి, మొత్తం షాట్‌లో నోరు కుదరడం కష్టమైన భాగం అదే. అది వింటున్న ముఖం మీద వినిపిస్తే ఒక్క నోరు కూడా అక్కరలేదు, పైగా మామయ్య పేరు వినగానే పిల్ల ఒకసారి రెప్పవేస్తే కథకూ లాభమే.

బొమ్మల లెక్క: బామ్మ మొండెం 1, తల 2, మధ్యవి 3, చేయి 2, నోళ్ళు 7, రెప్పలు 2, మనవరాలి ముఖం 1, దాని రెప్పలు 2. ఇరవై.

వేణునాదం:
నేను డబ్బింగ్ చెబుతుంటాను. ప్రశ్న డబ్బింగ్ గురించి అనుకుని లోపలికి వచ్చాను, క్షమించండి. అయినా ఒక మాట చెప్పాలనిపించింది. పరభాషా కార్టూన్లకు తెలుగు చెప్పేటప్పుడు మూసిన నోటి మీద మూసిన హల్లు పడేలా మాటను తిరగరాసుకోవడమే మా సగం పని. "తప్పకుండా" కుదరకపోతే "సరేలే" అంటాము, అర్థం కొంచెం జారినా ఫరవాలేదని సర్దుకుంటాము. మాకు ఎక్కువ బాధపెట్టేది మాట చివర. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది కనుక నోరు తెరిచే ఆగాలి, బొమ్మేమో చప్పున మూసేస్తుంది. ఆ చోట "పెట్టాను" అన్న మాటను ఎవరో గొంతు పట్టుకుని ఆపినట్లు వినిపిస్తుంది. తాతయ్య గారు చెప్పిన ఏడు నోళ్ళలో దీనికి చోటుందా?

టైమింగ్ తాతయ్య:
ఉంది తల్లీ, మంచి ప్రశ్న అడిగారు. మూసిన నోరు ఒకటి, పళ్ళు కనిపించే ఇ-ఎ నోరు ఒకటి, ఆ నోరు ఒకటి, గుండ్రని ఒ-ఉ నోరు ఒకటి, నాలుక కనిపించే ల నోరు ఒకటి, వకారానికి పైపళ్ళు కింది పెదవిని తాకేది ఒకటి. ఏడవది సగం తెరిచిన మెత్తని నోరు, దానికి ప్రత్యేకమైన అక్షరం లేదు. మాట ఆగాక నోటిని ఆ ఏడవదాని మీద నాలుగు ఫ్రేములు ఉంచి, అప్పుడు మూయాలి. కొత్తవాళ్ళు ముందుగా పారేసేది దీన్నే.

అద్దంలో చందమామ:
మీరంతా లెక్కలు బాగా చెప్పారు కాని, అసలు విషయం దాటవేస్తున్నారని నాకు అనిపిస్తోంది. ఇది ఖర్చు తగ్గించుకోవడానికి పుట్టిన పద్ధతి, దానికి కళ అని పేరు పెట్టుకోవడం తరువాత జరిగింది. 1957లో హాలీవుడ్ సంస్థ ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసేశాక, అక్కడి నుంచి బయటపడిన హానా, బార్బెరా టీవీకి తక్కువ డబ్బుతో కార్టూన్లు చేయవలసి వచ్చింది. వాళ్ళ యోగి ఎలుగుబంటికి మెడలో కాలరు, టై ఎందుకు ఉన్నాయంటే, తలను ఒంటి నుంచి విడదీసి తల మాత్రమే గీసినా ఆ గీత అతుకును కప్పేస్తుందని. అప్పటి పిల్లలు వారానికి ఒకసారి చూసేవారు, అదే నడక మళ్ళీ వచ్చిందని గుర్తుపట్టేవారు కారు. ఇప్పుడు మా ఇంట్లో ఏడేళ్ళ పాప సెలవురోజు వరసగా పది భాగాలు చూస్తుంది. నాలుగో భాగంలోనే "ఈ పరుగు ఇందాకటిదే" అంటుంది. పాత కిటుకును కొత్త అలవాటు మీద పెడితే దొరికిపోతుంది.

రాత్రిబడి:
అందుకే హోల్డ్‌ను బతికించాలంటున్నాను. బొమ్మను కీళ్ళ దగ్గర కదిపే కంప్యూటర్ రిగ్ ఉన్నప్పుడు నిలిపిన ఒంటికి ఊపిరి పీల్చుకునే కదలికను ఒక లూప్‌గా వేసేస్తే అయిపోతుంది కదా? బొమ్మ ఎప్పుడూ నిలిచిపోదు, ఖర్చూ లేదు.

టైమింగ్ తాతయ్య:
నాయనా, ఆ లూప్ వేసిన షాట్లు సరిదిద్దడానికే నా చివరి మూడేళ్ళు పోయాయి. ఊపిరి అందరికీ ఒకే వేగంతో, మాట ఎలాంటిదైనా ఆగకుండా నడుస్తూ ఉంటే పాత్రలన్నీ చెరువులో తేలుతున్నట్లు ఉంటాయి. కాగితం మీద గీసిన హోల్డ్‌కు గీతలోనే కొంత ప్రాణం ఉండేది, రిగ్ హోల్డ్ రాయిలా నిలుస్తుంది, అది ఒప్పుకుంటాను. దానికి మందు ఒళ్ళంతా ఊపడం కాదు, ఒక్క చిన్న వస్తువును వదిలిపెట్టడం. బామ్మ చెవి కమ్మకు మూడు బొమ్మలు గీసి, పోజు మారినప్పుడు ఊగి, ఇరవై ఫ్రేముల్లో సర్దుకునేలా చేయండి. తల ఆగిందన్న సంగతిని ఆ కమ్మే కప్పిపుచ్చుతుంది.

చందమామ గారి మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. పోలికను దాచే కిటుకులు కొన్ని ఉన్నాయి. నడకను నడుము పైనుంచి చూపించండి, అప్పుడు నేల మీద పాదం జారడం కూడా కనబడదు. అదే నడకను ఒకసారి కుడి నుంచి, ఒకసారి తిప్పి ఎడమ నుంచి వాడండి, కాని పాపిట, ముక్కుపుడక, పైట పక్క మారిపోతాయని మరచిపోకండి. మేము ఒకసారి మరచిపోయి, ముక్కుపుడక అటూ ఇటూ దూకుతున్న పిల్లను ప్రసారం చేసేశాము.

అద్దంలో చందమామ:
ముక్కుపుడక సంగతి మా పాప కూడా పట్టుకుని ఉండేది.

కుంచెపురుగు:
నిన్న రాత్రి కూర్చుని షాట్ మళ్ళీ కట్టాము. నోళ్ళు ఏడుకు తగ్గించాము, నాలుగు మూతలను శబ్దానికి రెండు ఫ్రేములు ముందుకు జరిపాము, మనవరాలికి కట్ చేశాము. మూత కుదిరిన తరువాత గొంతు బామ్మదే అనిపిస్తోంది, అంతకు ముందు పక్కగదిలోంచి ఎవరో మాట్లాడినట్లు ఉండేది. శబ్దం తీసేసి చూస్తే మొదటి సగం ఇప్పటికీ బాగానే ఉంది. రెండో సగంలో మాత్రం మనవరాలి ముఖం అరవై ఫ్రేములు నిలిచి, ఒక్క రెప్పతో నెట్టుకొస్తున్నాము. అక్కడ శబ్దం ఉన్నా పిల్ల వింటున్నట్లు లేదు, నిద్రపోబోతున్నట్లు ఉంది. రెప్ప వేసిన చోటు తప్పా, కనుబొమ్మ కావాలా? మొదటి ఫ్రేము, 110వ ఫ్రేము రెండూ రాత్రికి పెడతాను, తాతయ్య గారూ చూడండి.

టైమింగ్ తాతయ్య:
రెప్ప ఎక్కడ పెట్టారు? "మామయ్య" మొదలైన ఫ్రేము మీద పెట్టి ఉంటే అది తొందర. పేరు విన్న తరువాత ఆరేడు ఫ్రేములకు పెట్టి, రెప్ప తెరిచేటప్పటికి కంటిపాపలు పక్కకు జరిగి ఉండేలా చూడండి. పాపలు విడి పొర మీద ఉంటే దానికి కొత్త బొమ్మ కూడా అక్కరలేదు. కనుబొమ్మ సంగతి ఫ్రేములు చూశాక చెబుతాను.