మెడికల్ పదాలు: బట్టీ పట్టాలా, విడగొట్టాలా?

సుధారాణి: మా అమ్మాయి బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది. గ్యాస్ట్రైటిస్, అరిథ్మియా లాంటి పదాలు వందల్లో ఉన్నాయట. బట్టీ పట్టాలా, గ్రీకు ముక్కలుగా విడగొట్టి నేర్చుకోవాలా?

రమణ, మారతహళ్లి: విడగొట్టాల్సిందేనండీ. మన సమాసాల్లాగే. గ్యాస్ట్రైటిస్ చూడండి: ముందు గ్యాస్, చివర ఐటిస్ అంటే వాపు. గ్యాస్ పట్టి పొట్ట ఉబ్బడం. ఇక జన్మలో మరచిపోదు.

లక్ష్మి, నర్సింగ్ ట్యూటర్: రమణ గారూ, మీరు తప్పు చోట కోశారు. అక్కడున్నది గ్యాస్ కాదు, గాస్టర్. గ్రీకులో పొట్ట అని. గ్యాస్ అనే మాటను 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన ఖావోస్ అన్న గ్రీకు మాట మీద కల్పించాడు. రెండింటికీ చుట్టరికం లేదు. గ్యాస్ట్రైటిస్ అంటే జీర్ణాశయం లోపలి పొర వాయడం. నొప్పి మాత్రలు, మద్యం, హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా దానికి ముఖ్య కారణాలు. పొట్ట ఉబ్బినంత మాత్రాన అదే అనలేం. ఎండోస్కోపీలో పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే ఖాయంగా తెలుస్తుంది.

రమణ, మారతహళ్లి: ఊరంతా గ్యాస్ట్రిక్ అంటే గ్యాస్ అనే అంటోంది కదా మేడమ్? అందరూ తప్పేనా?

వెంకట్: ఈ విడగొట్టుడు వల్ల మా ఇంట్లో నాలుగు రాత్రులు ఎవరికీ నిద్ర లేదు. ఉద్యోగంలో చేరే ముందు మావాడికి ఈసీజీ తీశారు. 22 ఏళ్లు. కాగితం మీద సైనస్ అరిథ్మియా అని ఉంది. అ అంటే లేదు, రిథ్మస్ అంటే లయ. లయే లేని గుండె అనుకున్నాం. వాళ్ల అమ్మ ఏడుపు ఆపలేదు.

లక్ష్మి, నర్సింగ్ ట్యూటర్: అయ్యో. వెంకట్ గారూ, మీరు ముక్కలు సరిగ్గానే కోశారు. కానీ మాట పుట్టినప్పటి అర్థం ఒకటి, ఇప్పుడు వాడుకలో ఉన్నది ఒకటి. నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి. ఇప్పుడు కొబ్బరి నూనె అంటే నువ్వుల కోసం వెతకం కదా. అరిథ్మియా కూడా అంతే. ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి 180 సార్లు, గడియారంలా సమంగా కొట్టుకున్నా దాన్ని అరిథ్మియాల్లోనే లెక్కేస్తారు. లయ ఉంది, అయినా జబ్బే. మీవాడి సంగతి దానికి తలకిందులు: లయ కాస్త మారుతుంది, జబ్బు కాదు. సైనస్ అంటే ఇక్కడ ముక్కు కాదు, గుండెలో స్పందన మొదలయ్యే సైనస్ నోడ్. ఊపిరి పీలిస్తే వేగం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. పిల్లల్లో, కుర్రాళ్లలో ఇది మామూలే.

కాగితం మీద మీరే చూడొచ్చు. ఒక చిన్న గడి 0.04 సెకను. రెండు పొడుగు గీతల మధ్య ఒకచోట 18 గడులుంటే 0.72 సెకను, ఇంకోచోట 23 ఉంటే 0.92. అంటే వేగం నిమిషానికి 83 నుంచి 65కి దిగింది. ప్రతి పొడుగు గీతకు ముందు చిన్న గుబ్బ ఒకే ఆకారంలో ఉండి, ఈ తేడా ఊపిరితో పాటు నడిస్తే అది సైనస్ అరిథ్మియానే. గుబ్బ కనబడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా అది వేరే కథ, డాక్టరు చూడాలి.

హరి: ఇంగ్లిష్‌లో అరిథ్మియా స్పెల్లింగ్‌లో రెండు ఆర్‌లు ఎందుకో ఎవరైనా చెప్పండి, ప్రతిసారీ మార్కు పోతోంది.

లక్ష్మి, నర్సింగ్ ట్యూటర్: గ్రీకులో ఆర్‌తో మొదలయ్యే మాట ముందు ఇలాంటి ముక్క చేరితే ఆర్ రెట్టిస్తుంది హరీ. డయేరియా, హెమరేజ్‌లోనూ అదే.

వెంకట్: మేడమ్, మీరు చెప్పిన ఈ గుబ్బ, గడుల సంగతి ఆ రోజు ఆ కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు. కాగితం చేతిలో పెట్టి సోమవారం రమ్మన్నారు. నా గొడవ గ్రీకుతో కాదు.

రమణ, మారతహళ్లి: అంటే మామూలు జనం రిపోర్టు చదవకూడదంటారా? డాక్టరు నోరు విప్పేదాకా కూర్చోవాలా? నేను ఒప్పుకోను.

లక్ష్మి, నర్సింగ్ ట్యూటర్: చదవొద్దని నేనెప్పుడన్నాను? మాట ఏ అవయవం గురించో విడగొడితే తెలుస్తుంది. భయపడాలా వద్దా అన్నది దాంతో తెలియదు. అక్కడ మనిషి కావాలి.

వెంకట్: ఆ మనిషి సోమవారం దాకా దొరకనప్పుడు?

సుధారాణి: మా అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. నోట్‌బుక్‌లో ముక్కల అర్థం ఒక పక్క, వార్డులో వాడే అర్థం ఇంకో పక్క రాసుకుంటానంది. రేపు తనే ఎవరికైనా రిపోర్టు ఇచ్చేటప్పుడు నిలబడి చెబుతుందా అని అడిగాను. అంత టైమ్ ఇస్తారా అమ్మా అంది.