‘అనేకదంతం’ అంటే చాలా దంతాలా? సంస్కృతం తెలిసినవాళ్లు చెప్పండి

మా అమ్మమ్మ పూజ పుస్తకంలోని పేజీని ఫోటో తీసి పెట్టాను. అంచు చిరిగింది, శ్లోకం మాత్రం పూర్తిగానే ఉంది:

అగజానన పద్మార్కం గజాననమహర్నిశం
అనేకదంతం భక్తానాం ఏకదంతముపాస్మహే

కింద అర్థంలో ‘అనేక దంతములు గలవాడు’ అని అచ్చు వేశారు. వెంటనే ‘ఏకదంతం’ అని ఉంటే, అనేక దంతాలు ఎక్కడివి? మా పాప అడిగిన ప్రశ్న ఇది, నేను నోరు తెరవలేకపోయాను.

తర్వాత కూర్చుని విడదీశాను. అగ అంటే కదలనిది, కొండ. అగజ కొండకు పుట్టిన పార్వతి. ఆనన ముఖం, అర్క సూర్యుడు. అంటే పార్వతి ముఖపద్మాన్ని వికసింపజేసే సూర్యుడు. గజాననం ఏనుగు ముఖం వాడిని. అహర్నిశం పగలూ రాత్రీ. ఉపాస్మహే ఉపాసిస్తున్నాం.

చిక్కంతా ఆ ఒక్క పదంలోనే. దాన్ని ‘అనేకదం తం’ అని రెండుగా చదివితే? జలద, వరద మాటల్లోలాగా ‘ద’ అంటే ఇచ్చేది. అప్పుడు ‘భక్తులకు అనేకం ఇచ్చే ఆ ఏకదంతుణ్ణి పగలూ రాత్రీ ఉపాసిస్తున్నాం’ అని వస్తుంది. పలికితే తేడా వినపడదు, అచ్చులో ఖాళీ పోయిందంతే అనుకుంటున్నాను.

ఈ విరుపు సరైనదేనా? ఇంకో సందేహం, ‘భక్తానాం’ షష్ఠీ విభక్తి కదా, ‘భక్తులకు’ అని చెప్పుకోవచ్చా? ‘అహర్నిశం’ ఇవ్వడానికి అన్వయించాలా, ఉపాసించడానికా? పాపకు రేపు చెప్తానన్నాను, కాస్త త్వరగా చెప్పండి.