పెంచలయ్యా, పెనుశిలయ్యా? అవ్వ పాట పల్లవిలో ఒక్క అక్షరం

రాపూరు మనవడు:
నరసింహ జయంతికి మా భజన గుడికి కొత్త పాట కడుతున్నా. అవ్వ పాడే పల్లవి సగమే గుర్తుంది: "రావయ్యా పెం... లయ్య". మధ్యలో ఏముందో రావడం లేదు. పెంచలకోన నరసింహస్వామి గుడి బోర్డు మీద పెనుశిల అని ఉంది కదా అని "రావయ్యా పెనుశిలయ్య" అని పెట్టి నిన్న పిల్లలతో పాడించా. జోరు పెరిగేసరికి అందరూ "పెన్సిలయ్యా" అన్నారు. ఒకడైతే జేబులోంచి పెన్సిలే తీసి చూపించాడు. పెంచలయ్య అని మార్చాలా? పాడేవాడి మొదటి చరణం "చెంచులక్ష్మిని చేయిపట్టుకుని".

ఒంగోలు వకీలు:
పెనుశిల మీద పరుషం సరళమై పెంచల అయింది. సంధి సూత్రమే. వ్రాతలో పెనుశిలే శుద్ధం, మార్చొద్దు.

కందుకూరు మాస్టారు:
వకీలు గారూ, క చ ట త ప లే పరుషాలు, శ వాటిలో లేదు. సూత్రం దాకా ఎందుకు, ఆ పిల్లలే చేసి చూపించారు. తొందరలో ను లోని ఉకారం పోయి న్‌శి మిగిలింది, న్ పక్కన శ నిలబడలేక వాళ్ల నోట స అయింది, పెద్దవాళ్ల నోట చ అయింది. పెంచల అలా పుట్టిందనే నా అనుమానం.

పాట సంగతికొస్తే, మాత్రలు లెక్కేస్తే పెంచలయ్య ఆరు, పెనుశిలయ్య కూడా ఆరే. తేడా మొదటి చప్పట దగ్గర. పెం అనే గురువు మీద చప్పట పడితే ముప్పై గొంతులు ఒక్కటవుతాయి. పెనుశి మూడు లఘువులు, ఒక్కొక్కరు ఒక్కోచోట అంటారు, చెక్కలు ఆ మాటను మింగేస్తాయి.

రాపూరు మనవడు:
మరి నా చరణం?

కందుకూరు మాస్టారు:
అదే అసలు తప్పు. పల్లవి పన్నెండు మాత్రలు, నీ చరణం పదిహేను. నువ్వు "పట్టుకుని" అంటుండగానే గుంపు "రావయ్యా" అని మీద పడుతుంది. నిన్న పడలేదా? "చెంచుపిల్ల చేయిపట్టి" అను, మూడేసి మాత్రల చొప్పున నాలుగు చప్పట్లకు సరిపోతుంది. పల్లవిని కూడా తిప్పు: "పెంచలయ్య రావయ్యా". చివర దీర్ఘం ఉంటే గుంపు దాన్ని సాగదీస్తుంది, నీకు ఊపిరి పీల్చుకుని తర్వాతి చరణం గుర్తు తెచ్చుకునే సందు దొరుకుతుంది. పైగా చెంచు, పెంచ అని ప్రాస కుదిరింది చూడు. ఇలాగే పో:

చెంచుపిల్ల చేయిపట్టి
(గుంపు) పెంచలయ్య రావయ్యా
కొంచెమైన జాలి చూపి
(గుంపు) పెంచలయ్య రావయ్యా
అంచెలంచె మెట్లు దాటి
(గుంపు) పెంచలయ్య రావయ్యా

చరణం రెండో అక్షరం "ంచ" అనగానే గుంపుకు తమ వంతు గుర్తొస్తుంది. పెనుశిల పెడితే ఆ ప్రాస పోతుంది.

వెంకటగిరి సుబ్బమ్మ మనవరాలు:
మా నాన్న పేరు పెంచలయ్య. ఒక కార్డులో పెంచిలయ్య, ఇంకోదాంట్లో పెనుశిలయ్య. పింఛను కోసం ఆరు నెలలు తిరిగాం. ఏది కరెక్టో ఇక్కడ తేలిస్తే చూపిస్తా.

ఒంగోలు వకీలు:
అమ్మా, ఇది పాట సంగతి. అఫిడవిట్ కావాలంటే విడిగా అడగండి. మాస్టారూ, సరే, శ పరుషం కాదు, ఒప్పుకున్నా. కానీ పెను అంటే పెద్ద, పెనుశిల అంటే పెద్ద బండ. స్వామి పేరులోంచి ఆ అర్థం తీసేస్తామా?

గూడూరు భజన:
పెద్ద బండ కాదు సార్. స్వామి చెంచులక్ష్మిని పెనవేసుకుని శిలైపోయాడు, మా కోనలో అందరూ చెప్పేది అదే. ను కాదు, న. పెనశిల.

కందుకూరు మాస్టారు:
కథ కమ్మగా ఉంది, కానీ పెనవేయు లోని పెన వచ్చి శిల అనే సంస్కృత మాటకు అలా అతుక్కుంటుందా అని నా సందేహం. పెను అయితే పెనుభూతం, పెనుముప్పు ఉన్నాయి. అసలు మన గుడ్లూరు ఎర్రన్న అహోబిలం నరసింహుడికి నృసింహపురాణం అంకితమిచ్చాడు కదా, ఆ ప్రబంధ పరమేశ్వరుడు...

ఒంగోలు వకీలు:
ఎర్రన్న అద్దంకి ఆస్థాన కవి. గుడ్లూరు అని మీరు లాక్కోకండి.

కందుకూరు మాస్టారు:
ప్రోలయ వేమారెడ్డి కొలువు అద్దంకి, కవి ఊరు గుడ్లూరు. రెండూ వేరు. హరివంశం రెడ్డికిచ్చాడు, పురాణం దేవుడికిచ్చాడు, అందులోనే తేలుతుంది ఆయన మనసు ఎక్కడుందో.

గూడూరు భజన:
మాస్టారూ, పాట ఏమైంది? నా లెక్కలో "కొంచెమైన జాలి" పాడేటప్పుడు ఆ మై మీద గొంతు లాగుతుంది.

కందుకూరు మాస్టారు:
చప్పట కొం మీద, తర్వాతిది మై మీద. లాగనీ, అందం.

రాపూరు మనవడు:
ఇందాక పాడించా. మూడో చరణం దగ్గరికి పిల్లలు పుస్తకం చూడకుండానే అందుకున్నారు. పెన్సిల్ తగ్గింది. కానీ అవ్వ "రావయ్యా" ముందు అనేది, అది మాత్రం నాకు గట్టిగా గుర్తు. అమ్మకు ఫోన్ చేసి పాడమన్నా. ఆ అక్షరం దగ్గర చ కి శ కి మధ్య ఏదో అంది. మళ్లీ పాడమంటే ఈసారి ఇంకోలా. రెండూ రికార్డు చేశా, రాత్రికి పెడతా.